ముఖ్య అతిథి వచ్చే వేళ స్కానర్ ఆగితే

సభలకూ, కచేరీలకూ, కళాశాల వార్షికోత్సవాలకూ ఇప్పుడు పాస్ అంటే క్యూఆర్ కోడ్ ముద్రించిన కార్డు, లేదంటే వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ. గేటు దగ్గర నిలబడే వాలంటీర్ ఆ కోడ్‌ను స్కాన్ చేస్తాడు. తెర పచ్చగా మారితే లోపలికి పంపుతాడు, ఎర్రగా మారితే పక్కకు నిలబెడతాడు. అరగంట సేపు సాఫీగా సాగిన ఈ పని సరిగ్గా ముఖ్య అతిథి కారు దిగే వేళకు ఆగిపోతుంది. వరుస మెట్లు దిగి రోడ్డు దాకా వెళుతుంది. నిర్వాహకులు దాన్ని దురదృష్టం కింద జమకడతారు. చాలా సందర్భాల్లో అది దురదృష్టం కాదు. స్కానర్ ఆగడానికి కారణం ఆ రాకలోనే ఉంటుంది. అలాగే వరుస అంతగా పెరగడానికి కారణం స్కానర్ ఆగడం ఒక్కటే కాదు, ఆగిన తర్వాత మొదటి నాలుగు నిమిషాల్లో గేటు దగ్గర ఏం చేశారన్నది కూడా.

స్కాన్ వెనుక మూడు పనులు

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం తయారు చేసింది. కార్ల విడిభాగాలను ఫ్యాక్టరీలో వేగంగా గుర్తించడం దాని మొదటి ఉపయోగం. మూడు మూలల్లో కనబడే పెద్ద చతురస్రాలు కోడ్ ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో స్కానర్‌కు చెబుతాయి. అందుకే కార్డును తలకిందులుగా పట్టుకున్నా చదువుతుంది. కోడ్‌లో అసలు సమాచారంతో పాటు, కొంత భాగం చెరిగిపోతే దాన్ని లెక్కగట్టి తిరిగి రాబట్టడానికి పనికొచ్చే అదనపు సమాచారం కూడా ఉంటుంది. ఈ రక్షణకు నాలుగు స్థాయులున్నాయి. అన్నిటికంటే పై స్థాయిలో ముద్రిస్తే దాదాపు 30 శాతం పాడైనా కోడ్ పని చేస్తుంది. జేబులో నలిగిన పాస్ కూడా మామూలుగా చదవబడేది ఇందువల్లనే.

అయితే చదవడం మొదటి పని మాత్రమే. సాధారణంగా పాస్ మీది కోడ్‌లో మనిషి పేరు గానీ సీటు వివరాలు గానీ ఉండవు. ఒక సంఖ్యో, అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తో ఉంటుంది. స్కానర్ దాన్ని చదివి ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. ల్యాప్‌టాప్ దాన్ని ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపి, ఈ పాస్ అసలైనదేనా, ఇంతకు ముందు ఎవరైనా వాడారా అని అడుగుతుంది. ఇది రెండో పని. సర్వర్ తన జాబితాలో ఆ పాస్ పక్కన ‘వాడారు’ అని గుర్తు పెట్టుకుని జవాబు పంపుతుంది. ఇది మూడోది. ఆ జవాబు వస్తేనే తెర పచ్చబడుతుంది. మూడింటిలో ఏది ఆగినా వాలంటీర్‌కు కనబడేది ఒకటే: పచ్చ రంగు రాలేదు. చేతిలో ఉన్నది స్కానర్ కాబట్టి తప్పు దాని మీదికే పోతుంది.

ఒక సాయంత్రం ఆరు గంటల సభ

ఉదాహరణకు 800 పాస్‌లు పంచిన ఒక సభను తీసుకుందాం. ఆడిటోరియానికి రెండు గేట్లు. ఒకటి నుంచి 400 వరకు పాస్‌లున్నవాళ్లు మొదటి గేటు నుంచి, మిగతావాళ్లు రెండో గేటు నుంచి రావాలి. మొదటి గేటు దగ్గర ఇద్దరు వాలంటీర్లు, ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించిన చేతి స్కానర్ ఉన్నాయి. ఇంటర్నెట్ మాత్రం సభా సమన్వయకర్త ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వస్తోంది. ఒక్కో పాస్‌కు దాదాపు ఆరు సెకన్లు పడుతుంది. అంటే నిమిషానికి పది మంది లోపలికి వెళ్లగలరు.

ఐదుంబావుకు గేటు తెరిచారు. మొదట నిమిషానికి ఐదుగురి చొప్పున వచ్చారు. వరుస కట్టాల్సిన అవసరమే రాలేదు. ఐదు నలభై దాటాక నిమిషానికి తొమ్మిది మంది రావడం మొదలైంది. అప్పటికీ ఇబ్బంది లేదు. ఐదు యాభైకి ముఖ్య అతిథి కారు పోర్టికోలో ఆగింది. సమన్వయకర్త పుష్పగుచ్ఛం పట్టుకుని అటు నడిచాడు. ఆయన జేబులోని ఫోన్ కూడా ఆయనతో నడిచింది. హాట్‌స్పాట్ సంకేతం అందేది పదుల అడుగుల దూరమే, మధ్యలో గోడలుంటే ఇంకా తక్కువ. స్కానర్ బీప్ మంటూనే ఉంది. తెర మాత్రం పచ్చబడలేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే మొదటి పని వైరు పీకి మళ్లీ గుచ్చడం. రెండోది ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయడం. ఈ రెండో పని చాలా ఖరీదైనది. యంత్రం తిరిగి లేవాలి, బ్రౌజర్ తెరవాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, సభ పేరు ఎంచుకోవాలి. ఆపే సమయానికి ఏదైనా అప్‌డేట్ ఎదురుచూస్తుంటే అదీ అప్పుడే మొదలవుతుంది. ఇంతా చేసి లేచిన ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ అప్పటికీ ఉండదు, ఎందుకంటే అది పోర్టికోలో ఉంది.

అదే సమయంలో ఎందుకు

హాట్‌స్పాట్ పట్టుకుని మనిషి వెళ్లిపోవడం ఒక కారణం. అది లేకపోయినా ఆ సమయానికి ఇంటర్నెట్ మందగించే అవకాశం ఎక్కువ. ఒక మొబైల్ టవర్ తన పరిధిలో ఉన్నవారందరికీ ఒకే సామర్థ్యాన్ని పంచుతుంది. అతిథి దిగగానే వందల ఫోన్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. కొందరు ప్రత్యక్ష ప్రసారం చేస్తారు, కొందరు వీడియో పంపుతారు. ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారి సాధారణంగా టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దారి కంటే ఇరుకు. పాస్ వివరం సర్వర్‌కు వెళ్లాల్సింది కూడా ఆ ఇరుకు దారిలోనే. అందులో ఉండే సమాచారం చాలా చిన్నది, అయినా వీడియోల మధ్య తన వంతు కోసం ఆగాల్సిందే. ప్రధానమంత్రి వంటి అత్యున్నత భద్రత ఉన్నవారు వస్తే కాన్వాయ్‌లో జామర్ వాహనం ఉంటుంది. అది పని చేస్తున్నంత సేపు చుట్టుపక్కల మొబైల్ సంకేతాలు పూర్తిగా పోవచ్చు.

చేతి స్కానర్ బదులు ఫోన్ కెమెరాతో స్కాన్ చేసేచోట వేడి కూడా తోడవుతుంది. ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడాలని ఆపిల్ చెబుతుంది. మన వేసవి సాయంత్రాలు ఆ గీత దాటుతాయి. కెమెరా ఆపకుండా, తెర పూర్తి వెలుతురుతో, పడమటి ఎండలో అరగంట పని చేసిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెర వెలుగు తగ్గిస్తుంది, నెమ్మదిస్తుంది. గేటు తెరిచిన అరగంటకు అతిథి వస్తాడు. ఫోన్ వేడెక్కడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది.

ఇంకో కారణం మనుషుల నుంచి వస్తుంది. అతిథి రాకతో హడావుడి మొదలవగానే ఎవరో ఒకరు ఆ ల్యాప్‌టాప్‌నే అడుగుతారు: అతిథి పరిచయంలో ఒక వాక్యం మార్చాలి, వేదిక మీది పేర్లలో ఒకటి చేర్చాలి. రెండు నిమిషాల పని అని తెలుగులో టైప్ చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత స్కానర్ బీప్ మంటుంది గానీ ఏ పాస్‌నూ ల్యాప్‌టాప్ గుర్తుపట్టదు. ఎందుకో తెలియాలంటే స్కానర్ ల్యాప్‌టాప్‌తో ఎలా మాట్లాడుతుందో చూడాలి.

బీప్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సాధారణంగా వాడే చేతి స్కానర్ ల్యాప్‌టాప్ దృష్టిలో ఒక కీబోర్డు. కోడ్ చదివాక అందులోని అక్షరాలను ఎవరో చాలా వేగంగా టైప్ చేసినట్టు పంపి, చివర ఎంటర్ మీట నొక్కినట్టు సంకేతం ఇస్తుంది. కాబట్టి కర్సర్ ఎక్కడుంటే అక్షరాలు అక్కడ పడతాయి. స్కానింగ్ పేజీలో పాస్ నంబర్ గడి లోపల కర్సర్ లేకపోతే అవి ఎక్కడా పడవు, లేదా తెరిచి ఉన్న ఇంకో ఫైల్లో పడతాయి. కీబోర్డు తెలుగులోకి మార్చి ఉంటే, స్కానర్ పంపిన మీటలకు తెలుగు అక్షరాలు వస్తాయి. పాస్ గుర్తులో ఆంగ్ల అక్షరాలు ఉంటే అది సర్వర్‌కు అర్థంకాని మాటగా మారుతుంది. బీప్ ఈ రెండు సందర్భాల్లోనూ వినిపిస్తుంది. కోడ్ చదివాను అని మాత్రమే దాని అర్థం.

అందుకే గేటు దగ్గర చేయాల్సిన పరీక్ష ఒకటే, అరనిమిషంలో అయిపోతుంది. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక పాస్‌ను స్కాన్ చేయాలి.

బీప్ కూడా రాకపోతే తప్పు స్కానర్‌లోనో, వైరులోనో, ఆ ఒక్క పాస్‌లోనో ఉంది. ఇంకో పాస్ పెట్టి చూస్తే ఏదో తేలిపోతుంది. ఫోన్ తెర మీది కోడ్ ఏదీ చదవకుండా కాగితం మీది గీతల బార్‌కోడ్‌ను మాత్రం చదువుతుంటే, తెచ్చినది పాత రకం లేజర్ స్కానర్. అది క్యూఆర్‌కు పనికిరాదు. కాగితం పాస్‌లు చదువుతూ కొన్ని ఫోన్లు మాత్రమే చదవకపోతే ఆ ఫోన్ల వెలుతురు పెంచమని, తెర వంచి మెరుపు తప్పించమని చెబితే చాలు.

బీప్ వచ్చి నోట్‌ప్యాడ్‌లో తెలుగు అక్షరాలు పడితే కీబోర్డు భాష మారింది. విండోస్ గుర్తున్న మీటనూ స్పేస్‌బార్‌నూ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఆంగ్ల అక్షరాలు సరిగ్గా పడితే స్కానర్, వైరు, పాస్ మూడూ బాగున్నట్టే. అప్పుడు స్కానింగ్ పేజీకి వెళ్లి గడిలో ఒకసారి క్లిక్ చేసి మళ్లీ స్కాన్ చేయాలి. అయినా పచ్చబడకపోతే తప్పు ఇంటర్నెట్‌లోనో సర్వర్‌లోనో ఉంది. బ్రౌజర్‌లో వేరే ఏదైనా పేజీ తెరిస్తే రెండింటిలో ఏదో తెలుస్తుంది. మన ఉదాహరణలో ఏ పేజీ తెరుచుకోలేదు. ఆ సంగతి ఐదు యాభై మూడుకు బయటపడింది.

నిమిషాల లెక్క

అప్పటికి గేటు బయట ఎంతమంది ఉన్నారు? నిమిషానికి తొమ్మిది మంది చొప్పున మూడు నిమిషాలకు 27 మంది. సంఖ్య చిన్నదే. కానీ వరుస పెరగడానికీ తరగడానికీ ఒకే వేగం ఉండదు. గేటు సామర్థ్యం నిమిషానికి పది, వచ్చేవారు తొమ్మిది. మామూలుగా పని చేస్తున్నప్పుడు గేటు దగ్గర మిగిలే సామర్థ్యం నిమిషానికి ఒక్కరు. పేరుకున్న వరుస కరగాల్సింది ఆ ఒక్కరితోనే. ఆరు నిమిషాలు ఆగితే 54 మంది పోగవుతారు. స్కానర్ బాగయ్యాక కూడా జనం అదే వేగంతో వస్తూ ఉంటే ఆ 54 మంది కరగడానికి 54 నిమిషాలు పడుతుంది. రాక తగ్గి నిమిషానికి ఐదుగురైతే పదకొండు నిమిషాలు పడుతుంది.

వరుసల గురించిన ఈ రకం లెక్కలకు పునాది వేసినవాడు డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో కాల్స్ కలపడానికి ఎన్ని లైన్లు కావాలో తేల్చే పనిలో భాగంగా 1909లో తన మొదటి పత్రం ప్రచురించాడు. సామర్థ్యం దాదాపు నిండిపోయిన చోట చిన్న అంతరాయం కూడా పెద్ద వరుసను మిగులుస్తుందన్నది ఆ శాస్త్రం తేల్చిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి.

దీన్నిబట్టి వాలంటీర్ ముందున్న ప్రశ్న మారుతుంది. స్కానర్‌ను ఎంత త్వరగా బాగు చేయాలి అన్నది రెండో ప్రశ్న. నిమిషానికి పదికి మించి మనుషులను పంపే దారి ఏది అన్నది మొదటిది. ఇద్దరు వాలంటీర్లుంటే ఇద్దరూ ల్యాప్‌టాప్ మీద వంగడం తప్పు. నోట్‌ప్యాడ్ పరీక్ష అయ్యేలోగా ఏమీ తేలకపోతే ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపి గేటును చేతి పద్ధతిలోకి మార్చాలి.

కాగితం మీద నాలుగు వందల అంకెలు

చేతి పద్ధతి అనగానే చాలామంది పేర్ల జాబితా తీస్తారు. అది వరుసను ఇంకా పెంచుతుంది. పేరు అడగాలి, ఇంటిపేరు ముందో వెనుకో తేల్చుకోవాలి, పేజీలు తిప్పాలి. ఒక్కొక్కరికి 20 సెకన్లు పట్టిందనుకున్నా నిమిషానికి ముగ్గురే వెళతారు, ఆరుగురు వరుసలో చేరతారు.

దానికంటే మేలైనది అంకెల పట్టిక. ఒకే కాగితం మీద 1 నుంచి 400 వరకు అంకెలను ఇరవై వరుసల్లో, వరుసకు ఇరవై చొప్పున ముద్రించి గేటు దగ్గర ముందే ఉంచాలి. దీనికి పాస్ మీద కోడ్ కింద వరుస సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒక వాలంటీర్ పాస్ చూసి నంబర్ పైకి చదువుతాడు, మనిషిని పంపుతాడు. రెండో వాలంటీర్ పట్టికలో ఆ అంకె కొట్టేస్తాడు. అంకెలు క్రమంలో ఉంటాయి కాబట్టి వెతకడానికి రెండు మూడు సెకన్లు చాలు. మొత్తం మీద ఒక్కొక్కరికి నాలుగు సెకన్లు, అంటే నిమిషానికి 15 మంది. స్కానర్ కంటే వేగం. అప్పటికే కొట్టేసిన అంకె మళ్లీ వస్తే వెంటనే తెలిసిపోతుంది.

మన సభలో ఐదు యాభై నాలుగుకు ఈ పద్ధతి మొదలైంది. అప్పటికి బయట 36 మంది ఉన్నారు. నిమిషానికి 15 మంది వెళుతూ తొమ్మిది మంది వస్తుంటే వరుస నిమిషానికి ఆరుగురి చొప్పున తగ్గింది. సరిగ్గా ఆరు గంటలకు వరుస లేదు. ఆ ఆరు నిమిషాల్లో 90 అంకెలు కొట్టేశారు. సమన్వయకర్త తిరిగి వచ్చాడు, హాట్‌స్పాట్ కూడా వచ్చింది, ఆలస్యంగా వచ్చినవారికి మళ్లీ స్కానర్ మొదలైంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. స్కానర్ పని చేసినప్పుడు వెళ్లినవారి అంకెలు పట్టికలో కొట్టేసి ఉండవు. అంతకు ముందే లోపలికి వెళ్లిన మిత్రుడు తన పాస్ ఫొటోను బయటివాడికి పంపితే, ఆ పాస్ ఈ ఆరు నిమిషాల్లో మరోసారి చెల్లుతుంది. ఉచిత సభకు దీనివల్ల పెద్ద నష్టం లేదు, ఒకరిద్దరు ఎక్కువగా నిలబడతారు. టికెట్ కొని సీటు నంబర్ తీసుకున్న కచేరీ అయితే ఒకే సీటు దగ్గర ఇద్దరు కలుసుకుంటారు. కాబట్టి అలాంటిచోట చేతి పద్ధతి మొదలైన వెంటనే లోపల సీట్లు చూపించేవారికి కబురు పంపాలి. సీటు ఖాళీగా ఉంటేనే కూర్చోబెట్టి, తగవు వస్తే ఇద్దరినీ గేటుకు పంపకుండా పక్కన తేల్చాలి.

వరుసలో ఉన్నవారికి ఏం చెప్పాలి, గేటు ఎప్పుడు తెరవకూడదు

వరుస చివర ఉన్నవారికి ముందు ఏం జరుగుతోందో కనబడదు. కదలిక ఆగిందని మాత్రమే తెలుస్తుంది. లోపల చప్పట్లు వినిపిస్తే కార్యక్రమం మొదలైందనుకుని ముందుకు ఒత్తుతారు. ముందున్నవారు కదలలేరు. ఇక్కడ ఒక మనిషి వరుస వెంట నడుస్తూ చెప్పే మాట చాలా పని చేస్తుంది: “స్కానింగ్ ఆగిందండీ. పాస్ నంబర్ చూసి పంపుతున్నాం. నంబర్ పైకి కనబడేలా పట్టుకోండి. అతిథి ఇప్పుడే వచ్చారు, సభ ఇంకా మొదలవలేదు.” దీంతో ఒత్తిడి తగ్గుతుంది. అందరూ ఫోన్ తెర ముందే తెరిచి పెట్టుకుంటారు కాబట్టి గేటు దగ్గర ఒక్కొక్కరికి ఒకటి రెండు సెకన్లు కలిసొస్తాయి.

ముఖ్య అతిథిని అదే గేటు నుంచి తీసుకురాకూడదు. ఆయన వెంట పది మంది, ఫొటోలు తీసేవారు, దండలు వేసేవారు కలిసి గేటును మూడు నిమిషాలు ఆపితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఏ స్కానరూ చెడిపోకుండానే 27 మంది పోగవుతారు.

ఇక అందరికీ తోచే చివరి దారి గేటు తెరిచి అందరినీ వదిలేయడం. బయటి వరుస దాంతో ఒక్క నిమిషంలో పోతుంది. అయితే జనం పోలేదు, లోపలికి మారారు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం బయట ప్రవేశ ద్వారాలు జనాన్ని తట్టుకోలేకపోయాయి. తోపులాట తగ్గించడానికి పోలీసులు బయటికి వెళ్లే గేటు ఒకటి తెరిపించారు. వచ్చినవారిని పక్కల ఉన్న ఖాళీ భాగాలకు మళ్లించేవారు లేకపోవడంతో వాళ్లంతా సొరంగం లాంటి దారి గుండా అప్పటికే నిండిన మధ్య భాగంలోకి వెళ్లారు. ఆ ఒత్తిడిలో గాయపడి మొత్తం 97 మంది చనిపోయారు. 800 మంది సభకు ఆ పరిమాణం లేకపోయినా సూత్రం అదే. లోపల ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో, వచ్చినవారు ఎటు మళ్లాలో చెప్పే మనిషి లేకుండా తనిఖీ ఎత్తేయకూడదు. వాన వచ్చో, వరుస రోడ్డు మీదికి వెళ్లో తప్పనిసరై తెరవాల్సి వస్తే, ఒక వాలంటీర్ గేటు నుంచి లోపలికి మారి నడవలను పంచాలి.

ముందు రోజు చేసుకోవాల్సింది

పాస్ జాబితాను ముందే ల్యాప్‌టాప్‌లోకి దించుకుని ఇంటర్నెట్ లేకుండా పని చేసే సౌకర్యం చాలా స్కానింగ్ యాప్‌లలో ఉంటుంది. వాటిలో పచ్చ రంగు కోసం సర్వర్‌ను అడగనక్కర్లేదు. కానీ రెండు గేట్ల దగ్గర రెండు యంత్రాలు విడివిడిగా పని చేస్తుంటే ఒకదానిలో వాడిన పాస్ సంగతి రెండోదానికి తెలియదు. ఒకే పాస్ రెండు గేట్ల దగ్గరా పచ్చబడుతుంది. మన ఉదాహరణలో పాస్‌లను గేట్ల వారీగా విడదీసింది ఇందుకే. 1 నుంచి 400 వరకు మొదటి గేటులోనే చెల్లుతాయి కాబట్టి ఇంటర్నెట్ లేకపోయినా ఆ గేటు యంత్రమే రెండోసారి వచ్చిన పాస్‌ను పట్టుకుంటుంది. అంకెల పట్టిక పని చేయడానికీ ఇదే ఆధారం.

ఇంటర్నెట్ తప్పనిసరి అయిన పద్ధతిలో హాట్‌స్పాట్ గేటు విడిచి వెళ్లని మనిషి ఫోన్‌లో ఉండాలి, ఆ ఫోన్ ఛార్జర్‌కు తగిలించి ఉండాలి. వేరే కంపెనీ సిమ్ ఉన్న రెండో ఫోన్‌ను ముందు రోజే ల్యాప్‌టాప్‌కు ఒకసారి కలిపి ఉంచితే, అవసరమైనప్పుడు పాస్‌వర్డ్ వెతకనక్కర్లేదు. గేటు ల్యాప్‌టాప్ వేరే ఏ పనికీ ఇవ్వకూడదు. పరీక్ష మధ్యాహ్నం ఖాళీ హాలులో చేస్తే ఇంటర్నెట్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. అందువల్ల ఇంటర్నెట్ కావాలనే ఆపేసి, పట్టికతో పది మందిని పంపి చూడటం అసలైన పరీక్ష.

సభ అయ్యాక కొట్టేసిన 90 అంకెలను స్కానింగ్ పేజీలో ఒక్కొక్కటిగా నమోదు చేయాలి. ‘ఇప్పటికే వాడారు’ అని వచ్చిన అంకెలు ఎన్నో అన్నిసార్లు ఒకే పాస్ మీద ఇద్దరు వెళ్లినట్టు. స్కాన్ అయినవీ, పట్టికలో కొట్టేసినవీ కలిపితే మొత్తం ఎందరు లోపలికి వెళ్లారో తేలుతుంది. భోజనాల లెక్కకూ, హాలు పరిమితి దాటలేదని చూపడానికీ ఆ సంఖ్యే కావాలి. పట్టిక కాగితాన్ని నమోదు పూర్తయ్యేదాకా పారేయకూడదు.